లేహ్‌లో ఎసరు తెర్లుతుంది, పప్పు ఉడకదు

లడఖ్ వెళ్లే తెలుగువాళ్లలో సొంత వంట మానుకోలేనివాళ్లు బియ్యం, కందిపప్పు, ఆవకాయ సర్దుకునే బయల్దేరతారు. లేహ్‌లో గది తీసుకుని, స్టవ్ వెలిగించి, గిన్నెలో పప్పు పడేస్తారు. నీళ్లు చక్కగా తెర్లుతాయి. అరగంట గడుస్తుంది, గంట గడుస్తుంది, పప్పు పలుకు విడవదు. పప్పు పాతదేమో, గ్యాసు సరిగా రావడం లేదేమో అని అనుమానాలు మొదలవుతాయి. ఎవరో ఒకరు మంట పెంచుతారు. గది నిండా ఆవిరి కమ్ముకుని గిన్నెలో నీళ్లు సగానికి పడిపోతాయి. పప్పు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇందులో పప్పు తప్పు లేదు, గ్యాసు తప్పూ లేదు. లేహ్ సముద్ర మట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు సుమారు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. విజయవాడలో 100, హైదరాబాద్‌లో 98. ఈ పది, పన్నెండు డిగ్రీల తేడా దగ్గరే పప్పు మొండికేస్తుంది.

తేడాకు కారణం మన నెత్తిన ఉన్న గాలి. సముద్ర తీరంలో ప్రతి చదరపు సెంటీమీటరు మీద గాలి కిలోకు కాస్త ఎక్కువ బరువుతో నొక్కుతూ ఉంటుంది. గిన్నె అడుగున పుట్టిన ఆవిరి బుడగ నిలవాలంటే ఆ బరువుకు ఎదురు నిలవగలిగే బలం దానికి కావాలి. నీటి వేడి 100 డిగ్రీలకు చేరినప్పుడు ఆవిరికి ఆ బలం వస్తుంది. లేహ్‌కు చేరేసరికి మూడో వంతు గాలి మనకు కిందే ఉండిపోతుంది. నెత్తిన మిగిలిన గాలి నొక్కేది సుమారు 670 గ్రాములే. దాన్ని నెట్టడానికి ఆవిరికి 88 డిగ్రీల వేడి చాలు. అక్కడి నుంచి మంట ఎంత పెంచినా ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, నీళ్లు 89 డిగ్రీలకు వెళ్లవు. గిన్నెలోని పప్పు ఏ వేడిలో ఉడకాలో పై గాలే ఖాయం చేస్తోందన్నమాట. ఎత్తు పెరిగే కొద్దీ ఆ హద్దు కిందికి దిగుతూ పోతుంది. మోటు లెక్కగా ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుంది.

ఈ చిక్కు చార్లెస్ డార్విన్‌కూ ఎదురైంది. 1835 మార్చిలో దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాలు దాటుతున్నప్పుడు ఆయన బృందం బంగాళాదుంపలు ఉడకబెట్టుకుంది. గిన్నె రాత్రంతా పొయ్యి మీదే ఉంది, పొద్దున మళ్లీ మరగబెట్టారు, అయినా దుంపలు గట్టిగానే ఉన్నాయి. వెంట ఉన్న మనుషులిద్దరూ దీని మీద చాలాసేపు చర్చించుకుని, గిన్నె కొత్తది కాబట్టి దానికి దుంపలు ఉడకబెట్టడం ఇష్టం లేదని తేల్చారు. డార్విన్‌కు అసలు కారణం తెలుసు. తెలిసినా దుంపలు ఉడకలేదు కదా!

అన్ని పదార్థాలూ ఒకేలా మొండికేయవు. బియ్యంలోని పిండి 70 డిగ్రీలు దాటాక నీళ్లు పీల్చి మెత్తబడుతుంది, కాబట్టి లేహ్‌లో అన్నం ఆలస్యంగానైనా అవుతుంది. అరగంట ముందే నానబెట్టి, ఎసరు కాస్త ఎక్కువ పోస్తే చాలు. ఎక్కువసేపు ఉడికేటప్పుడు ఆవిరై పోయే నీళ్లు కూడా ఎక్కువే కదా. కోడిగుడ్డు కూడా నిదానంగా గట్టిపడుతుంది. పప్పుల సంగతి వేరు. పప్పుగింజలోనూ, దుంపలోనూ కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే పెక్టిన్ అనే జిగురు కరిగితే తప్ప అవి మెత్తబడవు. ఆ జిగురు 85 డిగ్రీల చుట్టుపక్కల మెల్లగా వదలడం మొదలుపెట్టి, ఆ పైన వేడి పెరిగే కొద్దీ చకచకా వదులుతుంది. వేడి 10 డిగ్రీలు తగ్గితే ఉడికే సమయం సుమారు రెట్టింపు అవుతుందని లెక్క వేసుకోవచ్చు. హైదరాబాద్‌లో మామూలు గిన్నెలో ముప్పావు గంటలో మెత్తబడే కందిపప్పుకు లేహ్‌లో గంటన్నర పడుతుంది. పప్పు పాతదైనా, నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉన్నా అంతకు మించి పడుతుంది.

ఇలాంటి చోట ఎవరైనా రెండు చిట్కాలు చెబుతారు. ఒకటి, నీళ్లలో ఉప్పు వేస్తే ఎక్కువ వేడికి మరుగుతాయని. మాట నిజమే, కానీ కూరకు వేసే ఉప్పుతో పెరిగేది డిగ్రీలో చిన్న భాగం. రెండోది, మూత మీద రాయి పెట్టడం. 25 సెంటీమీటర్ల వెడల్పున్న గిన్నె మూత మీద ఐదు కిలోల రాయి పెట్టినా, ఆ బరువు మూత అంతటా పరుచుకుని చదరపు సెంటీమీటరుకు 10 గ్రాములే అవుతుంది. అంచుల నుంచి ఆవిరి కారిపోకుండా ఉన్నా, దానితో వచ్చేది అర డిగ్రీ కూడా కాదు. మూత పెట్టడం మంచిదే, గ్యాసు ఆదా అవుతుంది. అంతకు మించి ఆశించకూడదు.

తాగే నీటికి కూడా ఈ లెక్క పట్టించుకోవాలి. కొండల్లో ఊట నీళ్లు మరగబెట్టుకునేటప్పుడు బుడగలు రాగానే దించేయకూడదు. 2,000 మీటర్లు దాటాక తెర్లడం మొదలైన దగ్గర్నుంచి మూడు నిమిషాలు ఉంచాలి. కేదార్‌నాథ్ సుమారు లేహ్ అంత ఎత్తులోనే ఉంది కాబట్టి అక్కడికి వెళ్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. మన తిరుమల, అరకు కిలోమీటరు ఎత్తు కూడా లేవు. అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి, వంటలో తేడా పట్టుకోవడం కష్టం.

ఇక ప్రెజర్ కుక్కర్. పై గాలి తక్కువైతే ఆ లోటు పూడ్చడానికి గాలికి బదులు ఇనుప గుండు పెట్టడమే దీని కిటుకు. మూత మధ్య సన్నని గొట్టం, దాని మీద విజిల్ గుండు ఉంటాయి. గొట్టం రంధ్రం మూడు మిల్లీమీటర్ల వెడల్పు అనుకుందాం. అంత చిన్న రంధ్రం మీద 70 గ్రాముల గుండు పెడితే, అది చదరపు సెంటీమీటరుకు కిలో బరువు పెట్టినట్టే. మన ఇళ్లలోని కుక్కర్లు చాలావరకు ఈ ఒక కిలో లెక్కకే తయారవుతాయి. ఐదు కిలోల రాయి చేయలేని పనిని 70 గ్రాముల గుండు చేయడానికి కారణం ఈ ఇరుకు రంధ్రం, మూత చుట్టూ ఆవిరిని పోనివ్వని రబ్బరు గ్యాస్కెట్.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. గుండు పెట్టే ఒక కిలో ఎక్కడైనా ఒకటే, కానీ అది బయటి గాలి బరువుకు అదనం. విజయవాడలో గాలిది ఒక కిలో, గుండుది ఒక కిలో, కుక్కర్ లోపల మొత్తం రెండు కిలోలు. నీళ్లు 120 డిగ్రీల దాకా వెళతాయి. లేహ్‌లో గాలిది 670 గ్రాములే కాబట్టి మొత్తం 1,670 గ్రాములు. విజిల్ వచ్చేటప్పుడు లోపల వేడి 114 డిగ్రీలే. కుక్కర్ పెట్టేశాం కదా, ఇక ఇంట్లో ఉన్నట్టే అనుకోవడానికి లేదు. మామూలు గిన్నెతో పోలిస్తే మాత్రం 26 డిగ్రీలు లాభం. విజయవాడలో ఈ లాభం 20 డిగ్రీలే. కొండ మీద కుక్కర్ విలువ పెరిగేది ఇందుకే.

ఆ తగ్గిన ఆరు డిగ్రీలకు సమయంతో బదులు చెల్లించాలి. వంటవాళ్లు వాడే లెక్క తేలికే. సముద్ర మట్టం నుంచి 2,000 అడుగుల దాకా ఏమీ మార్చక్కర్లేదు. ఆపైన ప్రతి వెయ్యి అడుగులకు కుక్కర్ సమయం 5 శాతం పెంచాలి. హైదరాబాద్ ఈ 2,000 అడుగుల గీతకు కాస్త దిగువన ఉంది కాబట్టి అక్కడి సమయాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకోవచ్చు. లేహ్ ఎత్తు సుమారు 11,500 అడుగులు. అందులోంచి 2,000 తీసేస్తే తొమ్మిదిన్నర వేలు, ఐదు చొప్పున 47 శాతం. ఇంచుమించు ఒకటిన్నర రెట్లు అనుకుంటే సరిపోతుంది.

ఇక్కడ మన అలవాటు ఒకటి అడ్డొస్తుంది. మనం నిమిషాలు చూడం, విజిళ్లు లెక్కపెడతాం. పప్పుకు నాలుగు, అన్నానికి మూడు అని ఇంటింటికీ ఒక లెక్క ఉంటుంది. విజిల్ చెప్పేది లోపలి ఆవిరి గుండును ఎత్తిందని మాత్రమే. ఎంతసేపు ఉడికిందో అది చెప్పదు. మంట పెద్దదైతే నాలుగు విజిళ్లు నాలుగు నిమిషాల్లో అయిపోతాయి. లేహ్‌లో నీళ్లు తక్కువ వేడికే గుండును ఎత్తుతాయి కాబట్టి ప్రతి విజిల్ వెనకా ఇంట్లో కన్నా తక్కువ ఉడుకే ఉంటుంది. అందుకని కొండ మీద గడియారాన్ని నమ్మాలి. మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టి, అక్కడి నుంచి నిమిషాలు చూసుకోవాలి. గుండు అప్పుడప్పుడు కదులుతూ బుస్సుమంటుంటే లోపల ఒత్తిడి నిలిచి ఉందని గుర్తు. గుండు పూర్తిగా మౌనంగా ఉండి, ఆవిరి వాసన కూడా రాకపోతే మంట మరీ తగ్గిందని అర్థం.

లేహ్‌లో ఒక పూట భోజనం ఎలా అవుతుందో చూద్దాం. గ్లాసు కందిపప్పు కడిగి అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, చుక్క నూనె వేసి కుక్కర్ పెట్టారు. హైదరాబాద్‌లో అయితే మొదటి విజిల్ తర్వాత సిమ్‌లో 10 నిమిషాలు ఉంచేవారు. ఇక్కడ 15 నిమిషాలు ఉంచాలి. స్టవ్ ఆపాక గుండు ఎత్తేయకుండా ఒత్తిడి దానంతట అది దిగేదాకా ఆగాలి. రుచితో పాటు భద్రత కూడా ఇందులో ఉంది. లోపల 114 డిగ్రీల పప్పు ఉంది, బయట నీళ్లు 88 దగ్గరే మరుగుతాయి. ఒక్కసారిగా ఆవిరి వదిలేస్తే ఆ 26 డిగ్రీల తేడా అంతా నురగై పైకి తన్నుకొస్తుంది. మైదానంలో కన్నా ఎక్కువ జోరుగా పొంగుతుంది. పప్పు గొట్టంలో చేరి వాల్వును మూసేసే ప్రమాదం కూడా ఉంది. ఇంకో సంగతి, ఒత్తిడి దిగే ఆ పది నిమిషాల్లోనూ పప్పు ఉడుకుతూనే ఉంటుంది. లేహ్ చలిలో కుక్కర్ త్వరగా చల్లారిపోతే ఆ ఉడుకు దొరకదు. కిటికీ పక్కనో, చల్లటి బండ మీదో దించకుండా ఆర్పిన స్టవ్ మీదే వదిలేయడం మేలు. మూత తీశాక గరిటె వెనకవైపుతో ఒక బద్దను గిన్నె అంచుకు నొక్కి చూడాలి. మధ్యలో తెల్లటి చుక్కతో విరిగితే మళ్లీ మూత పెట్టి ఐదు నిమిషాలు, నొక్కగానే మెత్తగా పరుచుకుంటే పోపుకు సిద్ధం. అన్నానికి మొదటి విజిల్ తర్వాత సిమ్‌లో ఇంట్లో ఐదు నిమిషాలు పట్టేది ఇక్కడ ఏడెనిమిది పడుతుంది.

రాజ్మా దగ్గర మాత్రం సరదా పనికిరాదు. సరిగా ఉడకని ఎర్ర రాజ్మా గింజల్లో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. 100 డిగ్రీల వద్ద బాగా మరిగితే అది నశిస్తుంది. తక్కువ వేడిలో, అంటే 80 డిగ్రీల దగ్గర మెల్లగా ఉడికిన గింజల్లో విషం పచ్చి గింజల్లో కన్నా ఎక్కువగా బయటపడవచ్చు. లేహ్‌లో మూత లేని గిన్నె 88 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి గింజ చేతికి మెత్తగా తగిలినా నమ్మడానికి లేదు. రాజ్మాను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో కుక్కర్‌లోనే వండాలి. ఇంట్లో 25 నిమిషాలు పెట్టేవాళ్లు అక్కడ 35 నిమిషాలకు పైగానే ఉంచాలి. కుక్కర్ లేకపోతే ఆ రోజుకు రాజ్మా మానుకోవడం నయం.

ఇడ్లీ ప్రియులకు ఒక మాట. ఇడ్లీ పాత్రలో గుండు పెట్టం కదా, అందులో ఆవిరి కూడా 88 డిగ్రీలదే. పది, పన్నెండు నిమిషాల్లో అయ్యే ఇడ్లీకి ఇరవై దాకా పట్టవచ్చు. త్వరగా కావాలని గుండు పెట్టేస్తే గాలి గదులు నొక్కుకుపోయి ఇడ్లీ గట్టిపడుతుంది. అసలు ఆ చలికి పిండి పులియడమే పెద్ద పని, అది వేరే కథ.

లడఖీలు ఈ సమస్యను తమ తిండితోనే దాటేశారని నాకు అనిపిస్తుంది. వాళ్ల ముఖ్యాహారం బార్లీ గింజలను వేయించి విసిరిన పిండి. వేయించడంలో నీళ్లు లేవు కాబట్టి 88 డిగ్రీల హద్దూ లేదు. బాణలిలో గింజ ఎంత వేడికైనా వెళ్లగలదు. ఆ పిండిని వేడి టీలో కలిపితే భోజనం సిద్ధం. స్క్యూ అనే వంటకంలోనూ పిండిని బొటనవేలితో నొక్కి చిన్న చిన్న బిళ్లలుగా చేసి ఉడికిస్తారు. బిళ్ల పల్చనైతే లోపలికి వేడి త్వరగా చేరుతుంది.

నూనెలో వేయించే వాటికీ ఆ హద్దు లేదు, కానీ అక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. నూనె 180 డిగ్రీలకు వెళుతుంది, గారె పిండిలోని నీళ్లు మాత్రం 88 దగ్గరే ఆవిరవుతాయి. ఫలితంగా పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. వెయ్యి అడుగులకు సుమారు ఒకటిన్నర డిగ్రీల చొప్పున నూనె వేడి తగ్గించి నిదానంగా వేయించాలి. లేహ్‌లో అది 160 అవుతుంది.

ఇప్పటిదాకా చూసిందంతా వేడి చాలకపోవడం. ఓవెన్‌లో కేక్ దగ్గరకు వచ్చేసరికి తగాదా తిరగబడుతుంది. దీనికి లేహ్ దాకా పోనక్కర్లేదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ సరిగ్గా మైలు ఎత్తున, అంటే 5,280 అడుగుల మీద ఉంది. నీళ్లు అక్కడ సుమారు 95 డిగ్రీల దగ్గర మరుగుతాయి. డాలస్ నుంచో, హైదరాబాద్ నుంచో అక్కడికి మారిన తెలుగింట్లో పిల్లల పుట్టినరోజుకు ఎప్పటి కొలతలతోనే కేక్ చేస్తే, అది ఓవెన్‌లో గొప్పగా పొంగి, బయటికి తీసేలోపే నడుమ కుంగుతుంది. అడుగు పాన్‌కు అంటుకుంటుంది, కోసి చూస్తే పెద్ద పెద్ద రంధ్రాలు.

బయట గాలి తక్కువగా నొక్కుతుంది కాబట్టి బేకింగ్ పౌడర్ విడిచిన ప్రతి బుడగా మామూలు కన్నా పెద్దదవుతుంది. ఇంకోపక్క పిండిలోని నీళ్లు త్వరగా ఆవిరై పోతుంటాయి. ఆ ఆవిరి వేడిని తీసుకుపోతుంది కాబట్టి లోపలి ముద్ద గట్టిపడే వేడికి ఆలస్యంగా చేరుతుంది. నీళ్లు తగ్గడంతో మిగిలిన పిండిలో చక్కెర పాళ్లు పెరుగుతాయి, చక్కెర ఎక్కువైతే గుడ్డు, పిండి గట్టిపడటం ఇంకా ఆలస్యమవుతుంది. బుడగలు ముందే ఉబ్బి పగిలిపోతాయి, వాటిని పట్టి ఉంచాల్సిన గోడలు అప్పటికి తయారు కాలేదు. కేక్ కుంగడం అంటే ఇదే. గుడ్డు వేయని కేక్‌లో ఆ గోడలు ఇంకా బలహీనం కాబట్టి అది మరింత కుంగుతుంది.

దిద్దుబాట్లన్నీ ఈ కారణాల నుంచే పుడతాయి. మామూలు కొలత రెండు కప్పుల మైదా, కప్పు చక్కెర, ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, ముప్పావు కప్పు పాలు, రెండు గుడ్లు, 175 డిగ్రీల ఓవెన్‌లో 35 నిమిషాలు అనుకుందాం. డెన్వర్‌లో బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూనుకు తగ్గించాలి. చక్కెరలో ఒక టేబుల్‌స్పూను తీసేయాలి. పాలు రెండు టేబుల్‌స్పూన్లు, మైదా ఒక టేబుల్‌స్పూను కలపాలి. ఓవెన్‌ను 185 డిగ్రీలకు పెంచితే బుడగలు మరీ ఉబ్బే లోపే గోడలు గట్టిపడతాయి. వేడి పెరిగింది కాబట్టి 28 నిమిషాల నుంచే పుల్ల గుచ్చి చూడడం మొదలుపెట్టాలి. గుడ్ల తెల్లసొనను మరీ గట్టి నురగ వచ్చేదాకా గిలకొట్టకూడదు, దాంట్లో గాలి ఎక్కువైతే మళ్లీ అదే గొడవ. పాన్‌ను సగానికి మించి నింపకూడదు, అడుగున కాగితం వేసి నెయ్యి బాగా రాయాలి.

ఇవన్నీ ఒకేసారి మార్చి, కేక్ బాగా రాకపోతే దేనివల్లో తెలియదు. ముందు బేకింగ్ పౌడర్ తగ్గించి చూడాలి. ఇంకా కుంగితే చక్కెర తగ్గించాలి. కుంగకుండా పొడిపొడిగా రాలుతుంటే పాలు చాలలేదని గుర్తు. పైన పగిలి గుట్టలా లేస్తే ఓవెన్ వేడి మితిమీరింది.

మీ ఊరి ఎత్తు తెలియకపోతే వంటింటి థర్మామీటర్ చాలు. 1866లో మారువేషంలో లాసా చేరిన కుమావూ సర్వేయర్ నైన్ సింగ్ రావత్, థర్మామీటర్‌ను చేతికర్రలో దాచుకుని వెళ్లి, నీళ్లు మరగబెట్టే ఆ నగరం ఎత్తును లెక్కగట్టాడు. మనమూ అదే చేయవచ్చు. నీళ్లు బాగా తెర్లేటప్పుడు థర్మామీటర్‌ను గిన్నె అడుగుకు తగలకుండా ముంచాలి. 93 చూపిస్తే 100కు ఏడు తక్కువ. ఏడును 300తో హెచ్చిస్తే 2,100 మీటర్లు, సుమారు 7,000 అడుగులు. సిమ్లా, ఊటీ ఇంచుమించు ఈ ఎత్తులోనే ఉన్నాయి. రెండు వేలు తీసేస్తే మిగిలింది ఐదు వేలు, కుక్కర్ సమయం 25 శాతం పెంచాలి. పది నిమిషాల పప్పుకు పన్నెండున్నర.